నాలుగు నోట్రంప్: ఆసుల లెక్క, అపార్థాల చిక్కు

బ్రిడ్జ్‌లో ‘నాలుగు నోట్రంప్’ అనే బిడ్ చాలాసార్లు పాట కాదు, ప్రశ్న. “నీ చేతిలో ఆసులెన్ని?” అని ఒక భాగస్వామి రెండో భాగస్వామిని అడుగుతున్నాడని దాని అర్థం. నోరు విప్పి ఆ మాట అడగడానికి ఆట నియమాలు ఒప్పుకోవు. వేలంలో వాడదగిన మాటలు ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు, నాలుగు రంగుల పేర్లు, నోట్రంప్, ఇవి కాక పాస్, డబుల్, రీడబుల్ మాత్రమే. కాబట్టి మామూలు బిడ్‌గా పెద్దగా పనికిరాని దాన్ని ఏరి, దానికి ముందే అనుకున్న ప్రత్యేకార్థం ఇచ్చుకుంటారు. ఇలాంటి ఏర్పాటును కన్వెన్షన్ అంటారు. ఆసులు అడిగే కన్వెన్షన్లు స్లామ్ దగ్గర పనికొస్తాయి. పదమూడు పట్లలో పన్నెండు తెస్తామని పాడితే చిన్న స్లామ్, పదమూడూ తెస్తామంటే గ్రాండ్ స్లామ్.

స్లామ్ పాడితే వచ్చే లాభం చిన్నది కాదు. ఇస్పేటు తురుపుగా నాలుగు పాడి పన్నెండు పట్లు తెచ్చుకున్న జంటకు, వల్నరబుల్ కానప్పుడు, 480 పాయింట్లు వస్తాయి. అవే పన్నెండు పట్లు ఆరు పాడి తెచ్చుకుంటే 980. తేడా 500 పాయింట్లు. వల్నరబుల్ అయితే ఆ తేడా 750. అయితే ఆరు పాడాక ఒక్క పట్టు తగ్గినా ఆ చేతిలో వచ్చేదేమీ ఉండదు, ఎదురు పాయింట్లు ఇచ్చుకోవాలి. ప్రత్యర్థుల దగ్గర రెండు ఆసులుంటే మొదటి రెండు పట్లలోనే స్లామ్ కూలిపోవచ్చు. ఆ ప్రమాదాన్ని ముందుగా కనిపెట్టడమే నాలుగు నోట్రంప్ పని. అది స్లామ్‌కు తీసుకెళ్లే బిడ్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి స్లామ్‌కు సరిపడా బలం ఉందని ముందే తేల్చుకున్నాక, చివరి నిమిషంలో ఆగవలసి ఉంటే ఆపే బిడ్ అది. ఈ ఒక్క సంగతి తలకెక్కకపోవడం వల్లే దీనిమీద సగం తగాదాలు పుడుతున్నాయి.

అమెరికాలోని ఇండియానాపొలిస్‌కు చెందిన ఈజ్లీ బ్లాక్‌వుడ్ 1930ల తొలినాళ్లలో ఈ పద్ధతిని రూపొందించాడు. వృత్తిరీత్యా ఆయన బీమా రంగంలో ఉండేవాడు. అప్పట్లో బ్రిడ్జ్ లోకాన్ని ఏలుతున్న ఈలీ కల్బర్ట్‌సన్‌కు నాలుగు, అయిదు నోట్రంప్‌లతో సొంత పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని వాడాలంటే చాలా షరతులు గుర్తుపెట్టుకోవాలి. బ్లాక్‌వుడ్ పద్ధతికి అలాంటి బెడద లేదు కనుక నోటిమాటగానే ఊళ్లు దాటింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ బ్రిడ్జ్ ఆడినా ఆయన పేరు వినిపిస్తుంది.

జవాబులు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఆసు ఒక్కటీ లేకపోతే అయిదు కళావరు, ఒకటుంటే అయిదు డైమండ్, రెండుంటే అయిదు ఆఠీన్, మూడుంటే అయిదు ఇస్పేటు. నాలుగూ ఉన్నా అయిదు కళావరే. సున్నాకూ నాలుగుకూ ఒకే జవాబైనా చిక్కు రాదు. అడిగినవాడి చేతిలో ఒక్క ఆసున్నా అవతల నాలుగు ఉండడానికి వీల్లేదని అతనికి తెలుసు.

ఒక చేయి, రెండు జవాబులు

దక్షిణం చేతిలో ఈ ముక్కలున్నాయనుకుందాం. ఇస్పేట్లలో రాజు, రాణి, జాకీ, 7, 5. ఆఠీన్‌లో ఒంటి 6. డైమండ్లలో రాజు, రాణి, జాకీ, 4. కళావర్లలో ఆసు, రాజు, 3. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున లెక్కిస్తే పంతొమ్మిది పాయింట్లు. దక్షిణం ఒక ఇస్పేటు అని మొదలుపెట్టాడు. ఉత్తరం మూడు ఇస్పేట్లు అన్నాడు. తనకు నాలుగు ఇస్పేట్లున్నాయని, పది నుంచి పన్నెండు పాయింట్ల బలం ఉందని దాని భావం.

ఇప్పుడు దక్షిణం ఆలోచన ఇలా సాగుతుంది. తురుపు కుదిరింది, బలం సరిపోతుంది. ఆఠీన్‌లో ఒంటి ముక్కే కాబట్టి అక్కడ వరసగా రెండు పట్లు పోవు. ఆసు కొట్టేస్తే చాలు, డైమండ్లు గట్టిగా నిలుస్తాయి. తెలియనిది ఒక్కటే, బయట ఉన్న మూడు ఆసుల్లో భాగస్వామి దగ్గర ఎన్ని ఉన్నాయన్నది. రెండుంటే ఆరు పాడాలి, ఒకటే ఉంటే అయిదు దగ్గర ఆగాలి. నాలుగు నోట్రంప్ పుట్టింది అచ్చంగా ఇలాంటి చేతి కోసమే.

ఉత్తరం దగ్గర ఇస్పేట్లలో ఆసు, 8, 6, 2, ఆఠీన్‌లో రాజు, 7, 4, 3, డైమండ్లలో ఆసు, 5, కళావర్లలో 8, 6, 4 ఉన్నాయనుకుంటే మొత్తం పదకొండు పాయింట్లు. జవాబు అయిదు ఆఠీన్, అంటే రెండు ఆసులు. దక్షిణం ఆరు ఇస్పేట్లు పాడి నిశ్చింతగా ఆడుకుంటాడు. తురుపులో అయిదు పట్లు, డైమండ్లలో నాలుగు, కళావర్లలో రెండు కలిపి పదకొండు. మిగిలిన డైమండ్ రాణి, జాకీల మీద ఉత్తరం రెండు కళావర్లు పారేస్తే, దక్షిణం చేతిలోని మూడో కళావరును అవతల తురుపుతో కొట్టవచ్చు. అది పన్నెండో పట్టు. పోయేది ఆఠీన్ ఆసు ఒక్కటే.

ఉత్తరం దగ్గర అదే పదకొండు పాయింట్లు వేరే చోట్ల ఉన్నాయనుకుందాం. ఇస్పేట్లలో ఆసు, 8, 6, 2, ఆఠీన్‌లో రాజు, రాణి, 7, 3, డైమండ్లలో 7, 5, కళావర్లలో రాణి, 6, 4. బిడ్డింగ్ మొదట్లో తేడా ఏమీ కనబడదు, మూడు ఇస్పేట్లు అనే అంటాడు. నాలుగు నోట్రంప్‌కు మాత్రం అయిదు డైమండ్ వస్తుంది. ఆఠీన్, డైమండ్ ఆసులు రెండూ ప్రత్యర్థుల దగ్గరున్నాయి కనుక దక్షిణం అయిదు ఇస్పేట్లతో ఆపేస్తాడు. సరిగ్గా పదకొండు పట్లు వస్తాయి. పాయింట్లను చూసి ఆరు పాడినవాడు ఇక్కడ మునుగుతాడు.

ఈ ఉదాహరణలో గమనించవలసింది ఇంకొకటుంది. జవాబు వచ్చాక నిర్ణయం పూర్తిగా అడిగినవాడిదే. అతను అయిదు ఇస్పేట్లు అన్నాక, “నా చేయి బాగుంది కదా” అని ఉత్తరం ఆరుకు లాగకూడదు. తన బలం మూడు ఇస్పేట్లలోనే చెప్పేశాడు, ఆసులు జవాబులో చెప్పేశాడు. కొత్తగా చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆసులు లేవని తెలిసి ఆగినవాణ్ని ముందుకు తోయడం ఈ కన్వెన్షన్‌లో అన్నిటికన్నా పాత తప్పు.

ఎన్ని అని తెలుస్తుంది, ఏవి అని తెలియదు

బ్లాక్‌వుడ్ బలహీనత దాని ప్రశ్నలోనే ఉంది. ఎన్ని అని చెబుతుంది తప్ప ఎక్కడ అని చెప్పదు. అందుకే రెండు రకాల చేతులతో ఆ ప్రశ్న అడగకూడదని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఒకటి, ఏదో రంగులో ఆసు, రాజు రెండూ లేని రెండు చిన్న ముక్కలున్న చేయి. రెండోది, ఒక రంగు అసలే లేని చేయి.

మొదటిదానికి దక్షిణం చేతినే కాస్త మార్చి చూద్దాం. ఇస్పేట్లలో రాజు, రాణి, జాకీ, 8, 4, 2. ఆఠీన్‌లో 6, 3. డైమండ్లలో ఆసు, రాజు. కళావర్లలో రాజు, రాణి, జాకీ. ఇక్కడా పంతొమ్మిదే. ఉత్తరం మూడు ఇస్పేట్లు అన్నాడు. అతని దగ్గర ఇస్పేట్లలో ఆసు, 9, 7, 5, ఆఠీన్‌లో రాణి, 8, 4, డైమండ్లలో జాకీ, 6, 2, కళావర్లలో ఆసు, 7, 5. దక్షిణం నాలుగు నోట్రంప్ అంటే జవాబు అయిదు ఆఠీన్. లెక్క చూస్తే ఒక్క ఆసే లోటు, కనుక ఆరు ఇస్పేట్లు. ఎడమవైపువాడు ఆఠీన్ వేస్తాడు. ఆసు, రాజు రెండూ కొట్టుకుపోతారు. స్లామ్ మొదటి రెండు పట్లలోనే అయిపోయింది, పోయిన ఆసు మాత్రం ఒక్కటే!

ఇలాంటి చేతికి సరైన దారి క్యూ బిడ్డింగ్. తురుపు కుదిరాక నాలుగో స్థాయిలో ఒక రంగు పలికితే, ఆ రంగులో తనకు పట్టు బిగువుగా ఉందని అర్థం. ఆసు గానీ, రాజు గానీ, ఒంటి ముక్క గానీ, అసలు ముక్కే లేకపోవడం గానీ ఆ బిగువు అవుతుంది. ఒక రంగును దాటేస్తే అక్కడ అది లేదని అర్థం. దక్షిణం నాలుగు కళావరు అంటాడు. ఉత్తరానికి డైమండ్లలోనూ ఆఠీన్‌లోనూ ఏమీ లేదు కనుక రెంటినీ దాటి నాలుగు ఇస్పేట్లు అంటాడు. ఆఠీన్ తలుపు బార్లా తెరిచి ఉందని దక్షిణానికి అర్థమై పాస్ అంటాడు. ఆసులు మాత్రమే ముందు చూపాలనే పాత పద్ధతి పాటించే జంటలూ ఉన్నాయి. ఏ పద్ధతైనా ఇద్దరికీ ఒకటే అయి ఉండాలి.

రంగు లేని చేతి సంగతి ఇంకా తిరకాసు. దక్షిణం దగ్గర ఇస్పేట్లలో ఆసు, రాజు, రాణి, 9, 7, 4, ఆఠీన్‌లో రాజు, రాణి, 5, కళావర్లలో రాజు, రాణి, జాకీ, 6 ఉండి డైమండ్ ఒక్కటీ లేదనుకుందాం. నాలుగు నోట్రంప్‌కు ఒక ఆసు అని జవాబు వచ్చింది. అది ఆఠీన్ ఆసో కళావరు ఆసో అయితే ఆరు పాడవచ్చు. డైమండ్ ఆసయితే దండగ, ఎందుకంటే ఆ రంగులో దక్షిణానికి పోయే పట్టే లేదు. ఆఠీన్ ఆసు, కళావరు ఆసు రెండూ ప్రత్యర్థులకు పోతాయి. జవాబు మాత్రం మూడు సందర్భాల్లోనూ అదే అయిదు డైమండ్. దీనికి విరుగుడుగా కొందరు ఎక్స్‌క్లూజన్ అనే ఏర్పాటు పెట్టుకుంటారు. తనకు లేని రంగును అయిదో స్థాయికి గెంతి పలికితే, ఆ రంగు ఆసును మినహాయించి మిగతావి చెప్పమని అర్థం. పెద్ద పోటీలు ఆడే జంటలకు అది సరే. అలవాటు లేని జంటలో అవతలివాడు మరచిపోయి పాస్ అంటే, ముక్కే లేని రంగును తురుపుగా పెట్టుకుని పదకొండు పట్లు తేవలసి వస్తుంది. ఇద్దరిలో ఎవరికి అనుమానమున్నా దాన్ని ముట్టకపోవడమే మేలు.

జవాబిచ్చేవాడికీ ఇక్కడొక ఉచ్చుంది. ఒక రంగు లేకపోతే, దాన్నొక ఆసుగా లెక్కేసి ఒక మెట్టు ఎక్కువ చెప్పేవాళ్లుంటారు. అది పనికిరాదు. అడిగినవాడు ఆసులు లెక్కపెడుతున్నాడు, అతనికి ఒకటి ఎక్కువ చెబితే లేని ఆసును ఉందనుకుని ఏడు పాడవచ్చు.

కళావర్లు, డైమండ్లు తురుపైతే ఇంకో చిక్కు. జవాబే ఆగవలసిన చోటును దాటిపోతుంది. తురుపు కళావరు అనుకుందాం. అడిగినవాడికి ఒక ఆసుంది, అవతల ఒకటుంది. జవాబు అయిదు డైమండ్. అయిదు కళావరు దగ్గర ఆగుదామంటే అది అప్పటికే దాటిపోయింది. రెండు ఆసులు లేకుండా ఆరు కళావరు పాడక తప్పదు. అందుకే అడగబోయే ముందు వచ్చే ప్రతి జవాబుకూ తను ఏం పలుకుతాడో మనసులో చూసుకోవాలి. ఒక్క జవాబుకైనా దారి కనబడకపోతే అడగకూడదు. అనుభవమున్నవాళ్లు ఈ తనిఖీ రెండు క్షణాల్లో ముగిస్తారు. కొత్తవాళ్లు జవాబు విన్నాకే మొదలుపెడతారు.

ఆసులు అడగని నాలుగు నోట్రంప్

భాగస్వాముల మధ్య ఎక్కువసార్లు తగువు పెట్టేది చిన్న ప్రశ్నే. ఈ నాలుగు నోట్రంప్ ఆసులడిగేదేనా? ఒకరు ఒక నోట్రంప్ అని మొదలుపెట్టి, రెండోవారు నేరుగా నాలుగు నోట్రంప్ అన్నారనుకుందాం. తురుపే లేదు. ఇది ఆసుల ప్రశ్న కాదు, బలాన్ని అడిగే ఆహ్వానం. ఒక నోట్రంప్ అంటే పదిహేను నుంచి పదిహేడు పాయింట్లు. చదునైన రెండు చేతులతో పన్నెండు పట్లకు ముప్ఫైమూడు పాయింట్ల దాకా కావాలని లెక్క. తన దగ్గర పదహారున్నవాడు, “నీకు గరిష్ఠంగా ఉంటే ఆరు పాడు, కనిష్ఠంగా ఉంటే పాస్ అను” అని చెబుతున్నాడు. అది తెలియక మొదటివాడు ఆసులు లెక్కపెట్టి అయిదు ఆఠీన్ అంటే, రెండోవాడికి ఏం చేయాలో తోచదు. కనీసపు చేతితో నాలుగు నోట్రంప్‌లోనే ఆగవలసిన జంట అలా అయిదో స్థాయికి ఎక్కి ఒక పట్టు తగ్గి కూర్చుంటుంది.

ఆ సందర్భంలో నిజంగా ఆసులే కావాలంటే ఉన్న సాధనం గెర్బర్. టెక్సాస్‌లోని హ్యూస్టన్‌కు చెందిన జాన్ గెర్బర్ పేరు మీద చలామణి అవుతున్న ఈ పద్ధతిలో, నోట్రంప్ బిడ్ మీద గెంతి నాలుగు కళావరు పలికితే అది ఆసుల ప్రశ్న. సున్నా లేదా నాలుగైతే నాలుగు డైమండ్, ఒకటైతే నాలుగు ఆఠీన్, రెండైతే నాలుగు ఇస్పేటు, మూడైతే నాలుగు నోట్రంప్. బ్లాక్‌వుడ్ కన్నా కింద మొదలవుతుంది కనుక ఆగడానికి చోటుంటుంది.

ఈ సౌకర్యం చూసి కొందరు ఎక్కడ నాలుగు కళావరు వినిపించినా గెర్బర్ అనే పట్టుకుంటారు. అది పెద్ద పొరపాటు. ఒక ఇస్పేటు, మూడు ఇస్పేట్లు, నాలుగు కళావరు అన్న వరసలో చివరిది పైన చెప్పిన క్యూ బిడ్. దాన్ని గెర్బర్ అనుకుని ఆసులు చెబితే, ఆఠీన్‌లో ఒక్క పేరున్న ముక్క లేకపోయినా నాలుగు ఆఠీన్ అన్నట్టవుతుంది. పైన చెప్పిన రెండు ఆఠీన్ ముక్కల దక్షిణం చేతికి అంతకన్నా చేటు చేసే అబద్ధం ఉండదు. చాలా జంటలు పెట్టుకునే హద్దు ఇది. భాగస్వామి తాజాగా పలికింది సహజమైన నోట్రంప్ అయితే, దానిమీద గెంతి అన్న నాలుగు కళావరు మాత్రమే గెర్బర్. నిక్కచ్చిగా గీసుకోదగిన గీతే.

తురుపు రాజు అయిదో ఆసు

తురుపు ఇస్పేట్లయి, నాలుగు ఆసులూ ఉండి, తురుపు రాజు మాత్రం ప్రత్యర్థి దగ్గరుంటే ఏమవుతుంది? అది దాదాపు ఒక ఆసు లేనట్టే. ఈ ఆలోచన నుంచే రోమన్ కీ కార్డ్ బ్లాక్‌వుడ్ పుట్టింది. ఇప్పుడు పోటీ ఆటల్లో ఎక్కువగా వాడేది ఇదే. ఇందులో నాలుగు ఆసులతో పాటు తురుపు రాజునూ కలిపి అయిదు ‘కీ కార్డులు’గా లెక్కపెడతారు. అయిదు కళావరు అంటే సున్నా లేదా మూడు. అయిదు డైమండ్ అంటే ఒకటి లేదా నాలుగు. అయిదు ఆఠీన్ అంటే రెండు, తురుపు రాణి లేదు. అయిదు ఇస్పేటు అంటే రెండు, రాణి కూడా ఉంది. మొదటి ఉదాహరణలో ఇస్పేటు, డైమండ్ ఆసులున్న ఉత్తరం ఈ పద్ధతిలోనూ అయిదు ఆఠీన్ అనే అంటాడు, తురుపు రాజు, రాణి దక్షిణం దగ్గరే ఉన్నాయి కనుక.

తెలివైన పద్ధతే. అపార్థాలకు తలుపులూ ఎక్కువే. మొదటిది, జవాబుల వరసలోనే రెండు సంప్రదాయాలున్నాయి. పైన చెప్పిన దాన్ని 3014 అంటారు. కింది రెండు మెట్లనూ తిప్పేసి, అయిదు కళావరు అంటే ఒకటి లేదా నాలుగు, అయిదు డైమండ్ అంటే సున్నా లేదా మూడు అనేదాన్ని 1430 అంటారు. వల్నరబుల్‌గా ఆరు ఇస్పేట్లు పాడి సరిగ్గా తెచ్చుకుంటే వచ్చే పాయింట్లూ 1430 కనుక ఆ పేరు ఇట్టే గుర్తుంటుంది. కొత్తగా కలిసిన ఇద్దరు ఆడే ముందు “కీ కార్డే కదా?” “అవును, కీ కార్డే” అనుకుని సరిపెడతారు. ఒకరి మనసులో 3014, ఇంకొకరి మనసులో 1430. రెండు కీ కార్డులున్నవాడు అడిగాడు. అవతలివాడు 1430 ప్రకారం ‘ఒకటి’ అని అయిదు కళావరు అన్నాడు. అడిగినవాడు 3014 చూస్తున్నాడు కనుక, ముందు బలమైన బిడ్లు విని ఉంటే దాన్ని మూడుగా తీసుకుని అయిదూ మన దగ్గరే ఉన్నాయనుకుంటాడు. పాట ఏడు దాకా వెళుతుంది, ప్రత్యర్థులు రెండు కీ కార్డులతో కాచుకుని ఉంటారు.

రెండో తలుపు, తురుపు ఏది అన్న సందేహం. మామూలు బ్లాక్‌వుడ్‌లో ఇది అంతగా బాధించదు, ఆసు ఏ రంగుదైనా ఆసే. కీ కార్డ్‌లో ఎవరి రాజును లెక్కపెట్టాలో తెలియాలి. ఒకరు ఇస్పేట్లు, ఒకరు ఆఠీన్ పలుకుతూ వచ్చి, ఏదీ స్పష్టంగా ఒప్పుకోకుండానే నాలుగు నోట్రంప్ వచ్చిందనుకోండి. ఒకరు ఇస్పేటు రాజును, ఇంకొకరు ఆఠీన్ రాజును లెక్కేస్తారు. ఇలాంటప్పుడు చివరగా పలికిన రంగే తురుపు అని చాలా జంటలు నిర్ణయించుకుంటాయి. అంతకన్నా మంచి దారి, వీలున్నప్పుడు ముందు ఒక రంగును ఒప్పుకుని ఆ తర్వాత అడగడం.

మూడోది, సున్నా లేదా మూడు అన్న జోడు అర్థం. అడిగినవాడు సున్నా అనుకుని అయిదు ఇస్పేట్లతో ఆపాడు. జవాబిచ్చినవాడి దగ్గర నిజంగా మూడున్నాయి. ఆగినవాణ్ని లాగకూడదన్న నియమానికి మినహాయింపు ఇక్కడే ఉంది. ఎక్కువ సంఖ్య ఉన్నవాడు ముందుకు సాగాలని ముందే అనుకున్న జంటలో అతను ఆరు పాడడం తప్పు కాదు, బాధ్యత.

రాజులు అడిగే అయిదు నోట్రంప్

ఆసుల జవాబు వచ్చాక అడిగినవాడే అయిదు నోట్రంప్ అంటే, ఇప్పుడు రాజులెన్నో చెప్పమని అర్థం. పాత పద్ధతిలో ఆరో స్థాయిలో అవే మెట్లు. ఇందులో ప్రశ్నతో పాటు ఒక హామీ కూడా దాగి ఉంది. ఆసులన్నీ, కీ కార్డ్ పద్ధతిలో అయితే అయిదు కీ కార్డులూ, మన ఇద్దరి దగ్గరే ఉన్నాయి, గ్రాండ్ స్లామ్ చూస్తున్నాను అన్నది ఆ హామీ. జవాబిచ్చేవాడి దగ్గర వరసగా పట్లు తెచ్చే పొడుగాటి రంగుంటే, రాజులు చెప్పకుండా నేరుగా ఏడు పాడే హక్కు అతనికుంది. ఒక ఆసు లోటని తెలిసీ, ఏమున్నాయో చూద్దామన్న కుతూహలంతో అయిదు నోట్రంప్ అడిగేవాడు ఆ హామీ ఉత్తదని చెప్పకుండానే భాగస్వామిని ముంచుతాడు. ఆరుకు వెళ్లక తప్పని స్థితినీ తనే తెచ్చుకుంటాడు.

ప్రత్యర్థి మధ్యలో దూరితే

నాలుగు నోట్రంప్ అన్న వెంటనే ప్రత్యర్థి అయిదు డైమండ్ పలికితే జవాబు మెట్లు మూసుకుపోతాయి. దీనికి చాలామంది వాడేది డోపీ అనే చిన్న ఏర్పాటు. ఆసు లేకపోతే డబుల్, ఒకటుంటే పాస్, రెండుంటే అక్కడికి పై మెట్టు. ముందే అనుకోకపోతే, ఆ డబుల్‌ను దండన డబుల్ అని ఒకరు, ‘సున్నా’ అని ఇంకొకరు అర్థం చేసుకుంటారు. కాస్త వెనకబడ్డ ప్రత్యర్థులు సరిగ్గా ఈ గందరగోళం కోసమే మధ్యలో దూరుతారు.

ఆలోచించి ఆగడం

ఇంకో చిక్కు బిడ్‌లో కాదు, బిడ్‌కు ముందు మౌనంలో ఉంది. ఒకరు నాలుగు నోట్రంప్ అడుగుతారు. జవాబు వస్తుంది. అడిగినవాడు చాలాసేపు ఆలోచిస్తాడు, నుదురు రుద్దుకుంటాడు, చివరకు అయిదు ఇస్పేట్లతో ఆగుతాడు. అంతసేపు ఆలోచించాడంటే ఆరుకు దగ్గరలో ఉన్నాడని, రెండు ఆసులు పోలేదని భాగస్వామికి తెలిసిపోతుంది. అతను ఆరు ఇస్పేట్లు పాడతాడు, స్లామ్ వస్తుంది. ప్రత్యర్థులు నిర్వాహకుణ్ని పిలుస్తారు. ఈ సందర్భం ఎంత తరచుగా వస్తుందంటే, పోటీ ఆటల్లో దానికి ‘హెజిటేషన్ బ్లాక్‌వుడ్’ అని పేరే పడింది.

డూప్లికేట్ బ్రిడ్జ్ నియమావళిలోని పదహారో నియమం ఇక్కడ వర్తిస్తుంది. భాగస్వామి ఆలస్యం, హావభావం, స్వరం ద్వారా అందిన సమాచారం అనధికారికం. న్యాయంగా ఎంచుకోదగిన వేరే బిడ్ ఉండగా, ఆ ఆలస్యం సూచించిన బిడ్‌ను ఎంచుకోకూడదు. ఇక్కడ ఆ వేరే బిడ్ పాస్. “నాకు చేతిలోనే కారణం ఉంది” అన్న వాదన నిలవాలంటే, ఆలస్యం లేకపోయినా తనలాంటి ఆటగాళ్లెవరూ అక్కడ పాస్ అనరని తేలాలి. సున్నా అనుకున్న చోట మూడు కీ కార్డులున్నవాడికి ఆ వాదన బాగా నిలుస్తుంది. మామూలు చేతితో, భాగస్వామి ఆలోచన చూసి ధైర్యం తెచ్చుకున్నవాడికి నిలవదు. అప్పుడు నిర్వాహకుడు స్లామ్ పాయింట్లు తీసేసి, ఆ జంట ఖాతాలో అయిదు ఇస్పేట్లు పాడి పన్నెండు పట్లు తెచ్చుకున్నట్టు మాత్రమే రాస్తాడు.